క్లాసులో చెప్పే అర్థమెటిక్‌ను వీడియో సిరీస్‌గా మలచడం ఎలా?

ప్రశ్న: ఎంఎస్సీ మ్యాథ్స్ చేశాను. విజయనగరంలో ఒక కోచింగ్ సెంటర్‌లో రైల్వే గ్రూప్-డి, ఎన్టీపీసీ అభ్యర్థులకు అర్థమెటిక్ చెబుతున్నాను. అవే పాఠాలు తెలుగు మీడియం పిల్లల కోసం యూట్యూబ్‌లో వరుసగా పెట్టాలని ఉంది. రెండు క్లాసులు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాను కానీ ఎవరూ చివరిదాకా చూడటం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది? దీని కోసం ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: క్లాసులో మీకు దొరికే సాయం ఒకటి వీడియోలో దొరకదు. పిల్లల ముఖాలు చూసి అర్థం కాలేదని మీరు పసిగడతారు, వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడుగుతారు, మీరు వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతారు. ఆ సందేహం ఏ మెట్టు దగ్గర వస్తుందో మీకు బాగా తెలుసు. వీడియోలో దాన్ని మీరే ముందుగా లేవనెత్తాలి. క్లాసు రికార్డింగులో ఆ సందేహం వినిపించదు, మీ జవాబు మాత్రం వినిపిస్తుంది. పైగా నోట్సు రాసుకోవడానికి ఆగిన నిమిషాలు, బోర్డు తుడిచిన నిమిషాలు అలాగే ఉండిపోతాయి. అందుకే రికార్డింగు పెట్టడం ఆపి, ఖాళీ గదిలో, వీడియో కోసమే పాఠాన్ని మళ్లీ చెప్పండి. పిల్లల ముఖాలు, గొంతులు వాళ్ల అనుమతి లేకుండా బయటికి వెళ్లే ఇబ్బంది కూడా తప్పుతుంది.

పాఠాన్ని ఎలా ముక్కలు చేయాలో పరీక్షే చెబుతుంది. గ్రూప్-డి ఆన్‌లైన్ పరీక్షలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, అందులో గణితం 25. ఎన్టీపీసీ మొదటి దశలో కూడా 90 నిమిషాలకు 100 ప్రశ్నలే, గణితం 30. అంటే సగటున ఒక్కో ప్రశ్నకు 54 సెకన్లు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. కాబట్టి ప్రతి రకం లెక్కకూ మీరు రెండు పనులు చేయాలి. అది ఎందుకు అలా వస్తుందో నిదానంగా చెప్పాలి, ఆ తర్వాత నిమిషంలోపు ఎలా ముగించాలో చేసి చూపించాలి. మొదటిది వదిలేసి షార్ట్‌కట్ ఒక్కటే చెబితే, ప్రశ్నలో ఒక్క మాట మారగానే పిల్లవాడు ఆగిపోతాడు. రెండోది వదిలేస్తే అర్థమైనా పరీక్షలో టైమ్ చాలదు.

కాలం-పని అధ్యాయాన్ని తీసుకుందాం. మీరు 90 నిమిషాల్లో చెప్పే ఈ క్లాసు ఆరు వీడియోలు అవుతుంది. మొదటిది పనిని యూనిట్లుగా చూడటం. ఎ ఒక పనిని 12 రోజుల్లో, బి 18 రోజుల్లో చేస్తే క.సా.గు 36 కాబట్టి మొత్తం పని 36 యూనిట్లు అనుకుంటాం. ఎ రోజుకు 3, బి రోజుకు 2, కలిసి 5. రోజులు 36/5, అంటే 7 1/5. ఇక్కడ పిల్లలకు వచ్చే మొదటి సందేహం, "36 యూనిట్లే ఎందుకు, 72 పెట్టకూడదా?" అని. 72 పెట్టి చూపించండి. ఎ 6, బి 4, కలిసి 10, జవాబు అదే 7 1/5. ఇది చూపించడానికి ఒక నిమిషం కూడా పట్టదు. కానీ ఇది లేకపోతే క.సా.గు ఒక మంత్రంలా మిగిలిపోతుంది. ఈ వీడియో ఇంతటితో ఆగాలి, 8 నుంచి 10 నిమిషాలు దాటకూడదు.

రెండో వీడియో మధ్యలో వెళ్లిపోయే లెక్కలకు. అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి దీనికి కాస్త ఎక్కువ సమయమే ఇవ్వండి. అదే ఎ, అదే బి, అవే 36 యూనిట్లు వాడండి, అంకెలు మార్చొద్దు. అంకెలు మారితే పిల్లల దృష్టి కొత్త క.సా.గు మీదికి పోతుంది, కొత్త ఆలోచన మీద నిలవదు. ఇద్దరూ మొదలుపెట్టి 4 రోజుల తర్వాత ఎ వెళ్లిపోతే 20 యూనిట్లు అయ్యాయి, మిగిలిన 16 బి 8 రోజుల్లో ముగిస్తాడు. మొత్తం 12 రోజులు. ఆప్షన్లలో 8, 12 రెండూ ఉండే లెక్క ఇది. "మిగిలిన పనికి ఎన్ని రోజులు" అనడానికి, "మొత్తం ఎన్ని రోజులు" అనడానికి ఉన్న తేడాను తెరమీద గీత గీసి చూపండి.

దాని వెంటనే, పని పూర్తి కావడానికి 3 రోజుల ముందు ఎ వెళ్లిపోయాడనే లెక్క. చాలామంది 36 నుంచి 9 తీసేస్తారు. నిజానికి కలపాలి. ఎ చివరి 3 రోజులూ ఉండి ఉంటే ఇంకో 9 యూనిట్లు చేసేవాడు, అంటే అన్ని రోజులూ ఇద్దరూ పనిచేసి ఉంటే 45 యూనిట్లు అయ్యేవి. 45ను 5తో భాగిస్తే 9 రోజులు. అక్కడితో ఆగకుండా సరిచూడండి. బి 9 రోజులు చేశాడు కాబట్టి 18, ఎ 6 రోజులు చేశాడు కాబట్టి 18, మొత్తం 36. కలపాలో తీసేయాలో మరిచిపోయినా ఈ సరిచూపు గుర్తుంటే జవాబు పట్టుకుంటాడు.

మూడోది రోజు మార్చి రోజు పనిచేసే లెక్కలు. ఎ మొదలుపెడితే రెండు రోజులకు 5 యూనిట్లు, 14 రోజులకు 35. మిగిలిన ఒక్క యూనిట్ ఎ వంతు కాబట్టి 1/3 రోజు, మొత్తం 14 1/3. సగటున రోజుకు 2.5 అనుకుని 36ను భాగిస్తే 14 2/5 వస్తుంది. ఇలాంటి తప్పు జవాబు ఎలా పుడుతుందో చూపించడమే ఈ వీడియోకు ప్రాణం. నాలుగోది మనుషులు-రోజులు-గంటలు, ఐదోది కుళాయిలు-తొట్టి. తొట్టి లెక్కలో ఖాళీ చేసే గొట్టానికి మైనస్ యూనిట్లు పెడితే చాలు, కొత్త సూత్రం అక్కర్లేదు. కాబట్టి ఈ రెండూ త్వరగా ముగుస్తాయి. ఆరోది 20 ప్రశ్నల పరీక్ష. 54 సెకన్ల లెక్కన సరిగ్గా 18 నిమిషాలు. తెరమీద గడియారం నడవాలి, మీరు మాట్లాడకూడదు. జవాబుల వివరణ వేరే వీడియోలో పెట్టండి, లేకపోతే పిల్లలు పరీక్ష రాయకుండా నేరుగా జవాబు దగ్గరికి జరిపేస్తారు.

అధ్యాయం మొత్తం రికార్డు అయ్యాకే మొదటి వీడియో పెట్టండి. ఐదో పాఠం చెబుతున్నప్పుడు మొదటిదాంట్లో ఒక ఉదాహరణ మార్చాల్సి ఉందని తెలుస్తుంది. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియోలో కొంత భాగం కత్తిరించవచ్చు కానీ అదే లింకులో కొత్త వీడియో పెట్టడం కుదరదు. చిన్న ముక్కలుగా చేయడంలో ఇంకో లాభం ఇదే. తప్పు దొర్లితే పది నిమిషాల పాఠం ఒక్కటే మళ్లీ చేస్తే సరిపోతుంది. "వచ్చే నెల నోటిఫికేషన్" వంటి మాటలు పాఠంలో రానివ్వకండి. అర్థమెటిక్ ఏళ్ల తరబడి పాతబడదు, ఆ ఒక్క మాట వల్ల మాత్రం పాతబడుతుంది.

ప్రశ్నను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తెరమీద పక్కపక్కనే చూపించండి. రైల్వే పరీక్ష తెలుగులో రాయవచ్చు, కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీష్ ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకుంటారు. తెలుగు మీడియం పిల్లవాడికి "ఆల్టర్నేట్ డేస్", "ఎఫిషియెన్సీ" వంటి మాటలు కంటికి అలవాటు కావాలి. మీరు మాత్రం క్లాసులో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. స్లైడ్లలో తెలుగును అను ఫాంట్లతో టైప్ చేస్తే వేరే కంప్యూటర్‌లో అక్షరాలు చెడిపోతాయి, యూనికోడ్ ఫాంట్ వాడండి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అలా అయితే స్లైడును బొమ్మగా సేవ్ చేసి వీడియోలో పెట్టండి.

కెమెరా కంటే ముందు మైకు కొనండి. ఫోన్ బోర్డుకు ఎదురుగా దూరంగా ఉంటే గది ప్రతిధ్వని, ఫ్యాన్ శబ్దం మీ గొంతును మింగేస్తాయి. కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద పెట్టి, ఫ్యాన్ ఆపి చెప్పండి. ట్యూబ్‌లైటు వెలుగులో వీడియో మీద చారలు కదులుతుంటే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫోన్ షట్టర్‌ను 1/50 లేదా 1/100కు మార్చండి. దీపం బోర్డుకు ఎదురుగా కాక పక్క నుంచి పడితే మెరుపు తగ్గుతుంది. పూర్తయిన వీడియోను మీ ఫోన్‌లో 360పీలో పెట్టి చూడండి. ఊళ్లో డేటా ఆదా చేసుకుంటూ చూసే పిల్లలకు కనిపించేది అదే. భిన్నంలో కింది అంకె చదవలేకపోతే బోర్డు మీద వరుసలు తగ్గించి, పెద్దగా రాయండి.

పెట్టిన తర్వాత యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఏ నిమిషం వరకు ఉన్నారో చూపే గ్రాఫ్‌ను గమనించండి. మొదటి అర నిమిషంలోనే గీత పడిపోతే పరిచయం ఎక్కువైంది, నేరుగా ప్రశ్నతో మొదలుపెట్టండి. మధ్యలో ఒకచోట గీత పైకి లేస్తే అక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారని అర్థం. 45 యూనిట్ల మెట్టు దగ్గర అలా లేస్తే, ఆ మెట్టు తొందరగా దాటేశారు. దాన్ని మళ్లీ రికార్డు చేయండి.

ఇక ఉద్యోగం సంగతి. ఇప్పుడే మానేయకండి. ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గత 12 నెలల్లో అందరికీ కనిపించే వీడియోలపై 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ దారి వేరే ఉంది కానీ లెక్క వివరించడానికి అది సరిపోదు. పది నిమిషాల పాఠాన్ని అందరూ సగం వరకే చూస్తారనుకుంటే 4,000 గంటలకు 48,000 వీక్షణలు కావాలి. అది దాటినా, నోటిఫికేషన్ ఉన్న నెలల్లో పెరిగే వీక్షణలు లేని నెలల్లో పడిపోతాయి. అందుకే నోటిఫికేషన్ లేని కాలంలో కూడా మీ ఇంటి ఖర్చుకు సరిపడా వస్తోందని చూశాకే మానడం గురించి ఆలోచించండి. అప్పటిదాకా వారానికి ఒక పూట రికార్డింగుకు కేటాయిస్తే కాలం-పని అధ్యాయం నెలన్నరలో పూర్తవుతుంది.

అన్నిటికంటే ముందు మీ సెంటర్‌తో చేసుకున్న ఒప్పందం చదవండి. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. సెంటర్ కోసం మీరు రాసిన మెటీరియల్, అక్కడి టెస్ట్ పేపర్లు వీడియోలో వాడకండి, గైడు పుస్తకాల పేజీలు స్కాన్ చేసి చూపించకండి. లెక్కలు సొంత అంకెలతో తయారు చేసుకోండి. బయట పాఠాలు చెప్పకూడదనే షరతు ఒప్పందంలో ఉంటే, యాజమాన్యం దగ్గర అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే మొదటి వీడియో పెట్టండి. ఇప్పటికే పెట్టిన ఆ రెండు క్లాసులను ఈలోగా ప్రైవేటులోకి మార్చండి.