ల్యాప్‌టాప్ లెటర్‌లో మామిడికాయల ధర ఎందుకు రాయకూడదంటే

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఆఫీసులో ల్యాప్‌టాప్ ఎందుకు కావాలో లెటర్ రాసి ఇమ్మన్నారు. ఏం రాయాలి? ఇంతకుముందు రాసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నేను రెండుసార్లు రాశాను. మొదటిది వెనక్కి వచ్చింది, రెండోదానికి డబ్బు వచ్చింది. కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

మాది పాకాల దగ్గర ఒక పల్లె. రెండెకరాల తోతాపురి మామిడి తోట, రెండు ఆవులు. మొదటి లెటర్ నెట్‌లో దొరికిన నమూనా చూసి ఇంగ్లీషులో రాశాను. అందులో ముక్కాలు పేజీ మా కష్టాలే. జ్యూస్ ఫ్యాక్టరీలో కాయకు వచ్చిన రేటు, పాల డబ్బులు, అక్క పెళ్లికి చేసిన అప్పు, అన్నీ. చివర్లో ఒక్క వాక్యం, ల్యాప్‌టాప్ ఉంటే నా చదువుకు చాలా ఉపయోగంగా ఉంటుందని. దానికి తోడు షాపువాడు రాసిచ్చిన 76,000 రూపాయల కొటేషన్. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్. ఏం కావాలని షాపువాణ్ణి అడిగితే వాడు వాడికి కావాల్సిందే రాస్తాడు కదా.

ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు. దరఖాస్తులన్నీ ముందు ఆయనే చూసి కమిటీకి పంపుతాడు. నా లెటర్ చదివి పక్కన పెట్టి, "కూర్చో నాయనా" అన్నాడు. "ఈ బల్ల మీద నలభై లెటర్లుంటే ముప్పైలో మామిడికాయలే. రేటు పడిపోయిందని నాకూ తెలుసు, మాకూ తోట ఉంది. నీ ఇంటి సంగతి ఆదాయం సర్టిఫికెట్ చెబుతుంది, రేషన్ కార్డు చెబుతుంది. లెటర్ ఎందుకు మళ్లీ? నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని ఏంది, ఇప్పుడు ఎక్కడ చేస్తున్నావు, అక్కడ ఎందుకు కుదరట్లేదు, ఈ మూడూ చెప్పు. రేపు కమిటీలో అడిగేది నన్ను."

చెప్పబోతుంటే ఆయనే నా జేబు వైపు చూసి, "ఫోన్ ఉంది కదా?" అన్నాడు. ఫోన్‌లో కుదరదు సార్ అన్నాను. "మా మనవడు ఫోన్‌లోనే ప్రోగ్రాములు రాస్తాడే?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఫోన్‌లో ఏమీ కాదు అని రాస్తారు. అది అబద్ధం, చదివేవాళ్లకు తెలుసు. నోట్సు చదవొచ్చు, క్లాసు వీడియోలు చూడొచ్చు, చిన్న పైథాన్ ప్రోగ్రామ్ కూడా నడపొచ్చు. ఫోన్‌లో అయ్యే పనేదో మీరే ముందు ఒప్పుకుంటే, కాని పని గురించి మీరు చెప్పేది నమ్ముతారు. నా విషయంలో ఆ కాని పని ప్రాజెక్టు.

నా ప్రాజెక్టు పాలకేంద్రం లెక్కలు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ అంటే వెన్న పోను పాలలో మిగిలే గట్టి పదార్థం ఎంత, దాన్నిబట్టి రేటు ఎంత, పదిహేను రోజులకు ఎంత ఇవ్వాలి, ఇవి చూపించే వెబ్‌సైట్. పీహెచ్‌పీలో రాయాలి, లెక్కలు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉండాలి. ఇది నడవాలంటే కంప్యూటర్‌లో సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే XAMPP వేసుకుని, ఒక కిటికీలో కోడ్, ఇంకో కిటికీలో బ్రౌజర్, మూడోదాంట్లో డేటాబేస్ తెరిచి పెట్టుకోవాలి. ఫోన్‌లో సర్వర్ నడిపే యాప్‌లు ఉన్నాయి, నేను వేసి చూశాను. కీబోర్డు తెరిస్తే స్క్రీన్ సగం పోతుంది, కోడ్ నాలుగు లైన్లు కనిపిస్తుంది. బ్రౌజర్‌కి వెళ్లి వచ్చేసరికి బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ సర్వర్‌ని ఆపేస్తుంది.

ఆ పెద్దాయన మాట విని రెండు వారాలు నోటుబుక్కులో రాసుకున్నాను, ఎక్కడ కూర్చున్నాను, ఎన్ని గంటలు, అందులో పని ఎంత జరిగింది అని. మీరూ ఇది తప్పకుండా చేయండి, అసలు లెటర్ అక్కడే పుడుతుంది. కాలేజీ ల్యాబ్ నాలుగుసార్లు, ఒక్కో సారి 2 గంటలు, ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరం, అంటే నా చేతికి వచ్చింది 4 గంటలు. బాలాజీ కాలనీ వైపు ఒక నెట్ సెంటర్‌లో 11 గంటలు, గంటకు 30 చొప్పున 330 రూపాయలు. రూమ్మేట్ పడుకున్నాక వాడి ల్యాప్‌టాప్‌లో 5 గంటలు. మొత్తం 20. అందులో 7 గంటలు పనే జరగలేదు.

ఎందుకు జరగలేదో చెప్పాలి. నెట్ సెంటర్ సిస్టమ్‌లలో రీస్టార్ట్ చేస్తే అంతా పాత స్థితికి వెళ్లిపోయే సాఫ్ట్‌వేర్ వేసి ఉంటుంది. వాళ్ల తప్పు కాదు, లేకపోతే రోజుకో వైరస్. కానీ నేను నిన్న వేసిన XAMPP ఇవాళ ఉండదు. ప్రతిసారీ మళ్లీ వేసి, పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్లు పెట్టి, డేటాబేస్ ఎక్కించేసరికి దగ్గర దగ్గర గంట, అంటే 30 రూపాయలు. ఒక రాత్రి రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో రేటు లెక్క మొత్తం సరిచేసి, డేటాబేస్‌ని ఫైలుగా దించుకుని, మర్నాడు ల్యాబ్‌లో గైడ్ మేడమ్‌కి చూపించాలని ఎక్కిస్తే ఇది వచ్చింది:

```
#1273 - Unknown collation: 'utf8mb4_0900_ai_ci'
```

నా కోడ్‌లో తప్పేమీ లేదు. రూమ్మేట్ దగ్గర ఉన్నది మైఎస్‌క్యూఎల్ 8. అక్షరాలను వరుసలో పెట్టడానికి అది వాడే కొత్త పద్ధతి పేరు అది. ల్యాబ్‌లో XAMPPతో వచ్చింది మైఎస్‌క్యూఎల్ లాంటిదే ఇంకో డేటాబేస్, మరియాడీబీ. దానికి ఆ పేరు తెలియదు. ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఆ పేరు ఉన్న ప్రతిచోటా `utf8mb4_general_ci` అని మారిస్తే నా ఫైలు ఎక్కింది. అయితే ఇది నాకు తెలిసేసరికి ల్యాబ్ టైము అయిపోయింది, మేడమ్ వెళ్లిపోయింది, వారం పోయింది. అప్పుడు అర్థమైంది. నాకు కంప్యూటర్ దొరకడం లేదని కాదు, మూడు చోట్ల మూడు రకాల కంప్యూటర్లు దొరుకుతున్నాయి. నా పని ఒక చోట ఉండడం లేదు. రెండో లెటర్‌లో రాసింది అదే, తెలుగులో:

"అయ్యా, నేను బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో పాలకేంద్రం లెక్కల వెబ్‌సైట్ ప్రాజెక్టుగా చేస్తున్నాను. నోట్సు, వీడియోలు ఫోన్‌లో చూసుకుంటున్నాను. ప్రాజెక్టుకు మాత్రం సర్వర్, డేటాబేస్ ఒకే కంప్యూటర్‌లో ఉండాలి. గత రెండు వారాల్లో కాలేజీ ల్యాబ్, నెట్ సెంటర్, స్నేహితుడి ల్యాప్‌టాప్ కలిపి నాకు 20 గంటలు దొరికాయి. సాఫ్ట్‌వేర్ మళ్లీ మళ్లీ వేసుకోవడానికి, ఒకచోటి ఫైలు ఇంకోచోట తెరుచుకోక 7 గంటలు పోయాయి. వివరాల పట్టిక జతచేశాను. ఈ పనికి 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుందని మా ప్రాజెక్టు గైడ్ సంతకం చేశారు. హాస్టల్‌లో నాకు తాళం ఉన్న బీరువా ఉంది."

ఇంతే. బీరువా మాట ఎందుకంటే, పోతే ఏం చేస్తావని కచ్చితంగా అడుగుతారు, అడగకముందే చెప్పేయాలి. గైడ్ సంతకం అన్నిటికంటే ముఖ్యం. మీకు ఎంత కంప్యూటర్ కావాలో చెప్పాల్సింది మీరూ కాదు, షాపువాడూ కాదు, ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లు. ఆ ఒక్క సంతకానికి నేను స్టాఫ్ రూమ్ బయట మూడు రోజులు నిలబడ్డాను. ఇదే మనుషులు క్లాసులో "ఫోన్ పక్కన పెట్టి ప్రాక్టీసు చేయండి" అంటారు. దేంట్లో చేయాలో చెప్పరు.

తెలుగులో ఎందుకు అంటారేమో. మీరు ఇంగ్లీషులో నమూనా చూసి రాస్తే అది అందరి లెటర్ అవుతుంది. సొంత మాటల్లో రాస్తే ల్యాబ్, నెట్ సెంటర్, 330 రూపాయలు వాటంతటవే వచ్చేస్తాయి. ఇంగ్లీషే కావాలని ఫారంలో ఉంటే, ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకోండి.

ఇంకొకటి, మీకు పనికిరాదు కానీ ఇంజినీరింగ్, డిప్లొమా చదివే అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే చెబుతున్నా. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 వస్తుంది. ఆ డబ్బుతో కంప్యూటర్ కొనుక్కోవచ్చని దాని నిబంధనల్లోనే ఉంది. దరఖాస్తు మొదటి ఏడాదిలోనే పెట్టాలి, లేటరల్ ఎంట్రీవాళ్లయితే రెండో ఏడాదిలో. అది వస్తే ఈ లెటర్ల గోలే లేదు.

ఇక కొటేషన్. తక్కువలో వస్తుందని పాత ల్యాప్‌టాప్ అడగాలనుకుంటే ప్రాసెసర్ చూసుకోండి. ఇంటెల్ అయితే 8వ తరం కంటే పాతవాటిలో ఒకటీ అరా తప్ప వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కమిటీలో ఒక్కరికి ఈ సంగతి తెలిసినా మీ దరఖాస్తు ఆగుతుంది.

నేను కొత్తదే అడిగాను, 34,000. మంజూరైంది, చెక్కు షాపు పేరు మీదే ఇచ్చారు. సంతోషంగా వెళ్తే షాపువాడు 40,120 అన్నాడు. కొటేషన్ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ట్యాక్స్ అదనం అని ఉంది. 18 శాతం జీఎస్టీ, 6,120 రూపాయలు. నేనూ చూడలేదు, అంత పట్టిపట్టి అడిగిన పెద్దాయనా చూడలేదు. ఆఫీసుకు వెళ్లి అడిగితే, మంజూరైన మొత్తం మారదు, కావాలంటే వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకో అన్నారు. వచ్చే ఏడాదికి నా డిగ్రీయే అయిపోతుంది.

మా నాయనకు ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత పాలకేంద్రంలో వచ్చే నెల డబ్బులు ముందుగా అడిగి పట్టుకుని, పొద్దున బండికి తిరుపతికి వచ్చాడు. లెటర్‌లోంచి నేను కొట్టేసిన ఆ పాల డబ్బులే.