మేనేజర్ వాయిస్ నోట్‌ను మెయిల్‌గా రాయడం

"మా మేనేజర్ నాలుగు నిమిషాల వాయిస్ నోట్ పంపి, టైల్స్ సప్లయర్‌కి మెయిల్ రాయమంటారు. ఎలా రాసినా ఏదో ఒకటి వదిలేస్తున్నాను."

వింటూనే మెయిల్ రాయబోతే అలాగే అవుతుందండీ. మొదటిసారి వింటూ అంకెలు, తేదీలు, అడిగిన పనులు మాత్రం ఆయన చెప్పిన వరసలోనే ముక్కలుగా రాసుకోండి. ఒక్కోదానికి నంబరు వేయండి.

ఉదాహరణకి మీ కాగితం మీద ఇలా ఉందనుకుందాం: 1. 40 పెట్టెలొచ్చాయి, 6 పగిలాయి. 2. మంగళవారానికి మార్చాలి. 3. కాదు, గురువారం చాలు. 4. బిల్లు ఆపుదామా, చూద్దాం. 5. ఆఁ, ఇంకోటి, షేడ్ తేడాగా ఉంది.

3 వచ్చింది కాబట్టి 2 కొట్టేయండి. మాట మార్చుకున్నచోటే ఎక్కువమంది పాత తేదీ పంపేస్తారు. 4 నిర్ణయం కాదు, ఆయన్ని అడగకుండా మెయిల్‌లో పెట్టొద్దు. 5 చివర్లో వచ్చిందని చిన్నది కాదు. షేడ్ కలవకపోతే మిగతా 34 పెట్టెలూ వేయలేం, కాబట్టి అదే పైకి రావాలి.

సబ్జెక్ట్: టైల్స్ మార్పిడి, గురువారంలోగా

"నమస్తే అండీ. వచ్చిన టైల్స్ షేడ్ తేడాగా ఉంది, ఫొటోలు జతచేశాం. 40 పెట్టెల్లో 6 పగిలాయి. పగిలినవాటిని గురువారంలోగా మార్చండి. షేడ్ సంగతి ఏం చేస్తారో రేపటికి చెప్పండి."

ఫొటోల మాట, "రేపటికి" అన్నది నేను కలిపినవి, మీ సార్‌ని అడిగి ఉంచండి. పంపే ముందు నోట్ మళ్లీ వింటూ ఒక్కో నంబరుకీ టిక్ పెట్టండి. టిక్ పడనిది మీరు కావాలనే వదిలిందై ఉండాలి.