సీఏ కాకపోతే నేనెవరిని?

మావారు చార్టర్డ్ అకౌంటెంట్. మా ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఆడిట్ ఆఫీసు ఉంది. మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. ఎనిమిదో తరగతి నుంచే ‘నేను సీఏ అవుతా’ అనేవాడు. ఇంటర్‌లో ఎంఈసీ కూడా ఏ పేచీ లేకుండా చేరాడు. మొన్న సీఏ ఫౌండేషన్ తప్పాడు. అకౌంట్స్‌లో 34 వచ్చాయి. అప్పటి నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు. ‘పోనీ వేరే ఏదైనా చూద్దామా నాన్నా’ అంటే ‘సీఏ కాకపోతే నేనెవరిని?’ అని అరిచాడు. ‘ఇప్పుడు వేరే దారులు చూపిస్తే ఉన్న ధ్యాస కూడా పోతుంది’ అని మావారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ తల్లి, గుంటూరు

అమ్మా, ముందు ఒక్కటి చూడండి. తిండి, నిద్ర రెండు వారాలు దాటినా గాడిన పడకపోయినా, చచ్చిపోవాలని ఉందన్నట్టు ఒక్క మాట వాడి నోటి నుంచి వచ్చినా మిగతావన్నీ పక్కనపెట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. అలాంటిదేమీ లేదనుకుని మిగతాది చెబుతాను.

మీవాడి అరుపులో ఉన్నది పరీక్ష బాధ ఒక్కటే కాదు. ఫెయిలైన పిల్లలు ‘ఇప్పుడేం చేయాలి’ అంటారు. ‘నేనెవరిని’ అని అడిగేవాళ్లు తక్కువ. వాడికి సీఏ అనేది చేయబోయే పని కాదు, తన పేరులాంటిది. 34 మార్కులు వాడి పేరు కొట్టేసినట్టున్నాయి.

మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ఐడెంటిటీ ఫోర్‌క్లోజర్ అంటారు. ఆడిట్ ఇంట్లో ఈ మాట కొత్త కాదు. అప్పు గడువుకు ముందే కట్టేసి ఫైలు మూయించుకుంటే బ్యాంకులో ఫోర్‌క్లోజర్ అంటారు కదా, ఇదీ అంతే. ‘నేనేం కావాలి’ అని వెతుక్కోవాల్సిన వయసు రాకముందే ఆ ఫైలు మూతపడింది. జేమ్స్ మార్సియా అనే మనస్తత్వవేత్త 1966లో 86 మంది కాలేజీ కుర్రాళ్ల మీద చేసిన అధ్యయనంలో రెండే సంగతులు చూశాడు: వేరే దారులు తరచి చూశావా, ఒకదానికి కట్టుబడ్డావా? చూడకుండానే కట్టుబడినవాళ్లు పైకి చాలా నిలకడగా కనిపించారు. కానీ ఒత్తిడి పెట్టి ఒక పని ఇస్తే, తప్పుతున్నా అందనంత పెద్ద లక్ష్యాలే పెట్టుకుంటూ పోయారు. తమ గురించి ప్రతికూలంగా ఏదైనా చెబితే ఆత్మగౌరవం సులువుగా దెబ్బతింది. మీ ఇంట్లో జరిగింది ఇదేననిపిస్తోంది.

ఇది జబ్బు కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. ఇలాంటి పిల్లలకు సాధారణంగా ఇంటి మీద ప్రేమ ఎక్కువ, టెన్షన్ తక్కువ. చాలామంది ఆ దారిలోనే హాయిగా బతికేస్తారు. దెబ్బ తగిలినప్పుడే చిక్కు. పట్టుకోవడానికి రెండో కొమ్మ ఉండదు.

వాడిది నిజంగా ఇదేనా అన్నది తేల్చుకోవడానికి, వాడు కాస్త కుదురుకున్నాక ఒక్క ప్రశ్న అడగండి: ‘సీఏలో నీకు నచ్చనిది ఏంటి?’ లోతుగా చూసినవాడు వెంటనే రెండు మూడు చెబుతాడు. చూడనివాడు ‘ఏమీ లేదు’ అంటాడు, లేదా ‘నాన్న అంత కష్టపడ్డారు’ అని కారణం మీవారి దగ్గర్నుంచి తెస్తాడు.

మీవారి భయం సంగతి. వెతకడమంటే ఒకటే రకం కాదు. అటూ ఇటూ చూడటం ఒకటి. ఎంచుకున్నదాని లోపలికి దిగి చూడటం ఇంకొకటి. మీవాడికి ముందు కావాల్సింది రెండోది. ఆడిట్ ఆఫీసులో పెరిగినా వాడికి సీఏ పని తెలియదంటే మీవారు ఒప్పుకోరేమో. కానీ మీ ఆఫీసులో వాడు ‘చిన్న సార్’. వాడి చేతికి బిల్లుల కట్ట ఎవరిస్తారు?

అందుకే మరో ఊళ్లో, మీవారి స్నేహితుడి ఆఫీసులో పది రోజులు కూర్చోబెట్టండి. అవి నెలలో ఇరవయ్యో తేదీని కలుపుకుని ఉండాలి. జీఎస్టీ రిటర్న్‌కు చివరి రోజున, క్లయింట్ ప్లాస్టిక్ కవర్లో బిల్లులు కుక్కుకుని సాయంత్రం ఏడింటికి వచ్చినప్పుడు వాడక్కడ ఉండాలి. ఓచర్లు ఒక్కొక్కటీ లెడ్జర్‌తో సరిచూసి టిక్ పెట్టాలి. రాత్రి రెండే ముక్కలు రాయమనండి: ఈరోజు ఏ గంట తెలియకుండా గడిచింది, ఏ గంట గడవలేదు. ఆ తర్వాతే అటూ ఇటూ చూడటం. అదీ పదిహేను కోర్సుల జాబితా కాదు. డైరీలో తెలియకుండా గడిచిన గంటలు దేనివైతే, ఆ పని దొరికే మరో రెండు చోట్లు చాలు.

నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను, వివరాలు కొంచెం మార్చి. తాత, తండ్రి లాయర్లు. ఐదేళ్ల లా రెండో ఏడులో, విద్యార్థులు వాదన సాధన చేసే మూట్ కోర్టులో నోరు పెగల్లేదు, ఇంటికొచ్చి పడుకుంది. ‘లా ఎందుకు’ అంటే ‘మా ఇంట్లో అందరూ అదే’ అంది. తండ్రి దగ్గర కాకుండా వేరే లాయరు దగ్గర వేసవి గడపమన్నాను. మూడో వారంలో తండ్రి నాకు ఫోన్ చేసి కోప్పడ్డారు: ‘మానేస్తానంటోంది, మీరే చెడగొట్టారు’ అని. ఆ దశ వస్తుంది. పాత కారణం ఊడిపోయి, కొత్తది ఇంకా అతుక్కోని రోజులవి. నెలన్నర తర్వాత ఆమే చెప్పింది: ‘కోర్టు వరండాలో రోజంతా వాయిదా కోసం నిలబడటం నా వల్ల కాదు. కానీ ఒప్పంద పత్రం రాయడానికి కూర్చుంటే లేవబుద్ధి కాదు. లాలోనే ఉంటా, కోర్టుకు మాత్రం పోను.’ కోర్సు మారలేదు. కారణం మారింది. ముందు నచ్చనిదేమీ లేని లా, ఇప్పుడు నచ్చనిదేంటో తెలిసి కూడా పట్టుకున్న లా అయింది. ఆ తర్వాతా ఒక పేపరు తప్పింది కానీ పడుకోలేదు.

అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. కొందరు నిజంగానే దారి మారతారు, దానికి మీవారు ముందే సిద్ధపడాలి. ఇంకో ప్రమాదమూ ఉంది: వెతుకులాట కాస్తా సుడిలా మారడం. గుర్తుపట్టడం తేలికే. వెతుకుతున్నవాడు ప్రతి వారం ఒక కొత్త సంగతి తెస్తాడు. సుడిలో పడ్డవాడు ‘ఏం చేయాలి, ఏం చేయాలి’ అన్న ప్రశ్ననే రాత్రి రెండింటి దాకా తిప్పుతుంటాడు. అప్పుడు కొత్త దారులు చూపించడం ఆపేయండి. కౌన్సెలర్‌ను కలవండి.

కాబట్టి గడువు పెట్టుకోండి. రెండు నెలలు చాలు. ఫౌండేషన్ ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు జరుగుతోంది కనుక ఒక విడత వదిలినా పోయేది నాలుగు నెలలే. ఆ రెండు నెలలు ‘తేల్చుకున్నావా’ అని ఎవరూ అడగొద్దు. మేనమామలు, పెద్దనాన్నలు కూడా.

ఇక మీవారు చేయాల్సింది ఒకటుంది. సీఏ పరీక్షలు మొదటిసారే అన్నీ గట్టెక్కేవాళ్లు అరుదు. ఆయన ఏ గ్రూపు ఎన్నోసారికి పాసయ్యారు, మధ్యలో మానేద్దామని ఎప్పుడు అనుకున్నారు? ఈ సంగతులు మీవాడికి తెలుసా? నేమ్‌ప్లేటు మాత్రమే చూసి పెరిగాడేమో. ఈ ఆదివారం ఆయన్ని ఆ గదిలోకి ఒక్కరినే పంపండి. సలహాలు వద్దు, ఆ పాత మార్కుల కాగితాలుంటే అవి పట్టుకుని వెళ్లమనండి.