శనివారం రాత్రి దాకా వాక్యభాగం వెతక్కండి

"పగలంతా ఉద్యోగం. ఆదివారం సంఘంలో వాక్యం నేనే చెప్పాలి. వారం మొత్తానికి ఐదు గంటలు కూడా దొరకట్లేదు. ఎలా సిద్ధపడాలి?"

బ్రదర్, ఎక్కువ సమయం తినేసేది సిద్ధపాటు కాదు, 'ఈ వారం ఏం చెప్పాలి' అన్న వెతుకులాట. 'విశ్వాసం' అని ఒక అంశం పట్టుకుని, యాప్‌లో ఆ మాట కొట్టి, వచ్చిన పది వచనాలను గుచ్చితే ఒక్కోదాని సందర్భం ఒక్కో రకం. వాటిని అతికించడానికే శనివారం రాత్రి అయిపోతుంది. మార్కు సువార్త లాంటిది ఒకటి తీసుకుని వరుసగా చెప్పుకుంటూ పోండి. వచ్చే వారం భాగం ఏదో ఈ ఆదివారమే తెలిసిపోతుంది.

ఉదాహరణకు మార్కు 2:1-12, కపెర్నహూములో పక్షవాయువు గలవాడు. సోమ, మంగళవారాల్లో ఏ వ్యాఖ్యానమూ తెరవొద్దు. పన్నెండు వచనాలు ఫోన్‌లో చదివి రికార్డు చేసుకుంటే రెండు మూడు నిమిషాలు వస్తుంది. ఆఫీసుకు వెళ్తూ వస్తూ అదే వినండి. బుధవారం గంట కూర్చుని, ఏ వచనంలో ఎవరు మాట్లాడుతున్నారో పక్కన రాయండి. అప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. కప్పు విప్పి మంచం దించడం నాలుగో వచనంతోనే అయిపోతుంది. ఐదు నుంచి పదకొండు దాకా నడిచేదంతా పాపాలు క్షమించే అధికారం ఎవరిదన్న వాదన. మత్తయి 9లో ఇదే సంఘటన ఉంది, కప్పు ఊసే లేదు, అయినా ఆ వాదన ఉంది. మనవాళ్లు మాత్రం ముప్పై నిమిషాల్లో ఇరవై ఆ నలుగురు స్నేహితుల మీదే పెడతారు! యూట్యూబ్‌లో పెద్ద ప్రసంగీకులను ముందే వింటే మీరూ అదే చెబుతారు, పైగా వాళ్ల గొంతుతో.

బుధవారం లేచేలోపు ఒక్క వాక్యం రాయాలి: 'స్వస్థత కంటే ముందు యేసు క్షమాపణ ఇచ్చాడు, ఆ అధికారం ఆయనకుందని కంటికి కనిపించేలా అతణ్ని నడిపించాడు.' ఆ వాక్యం రాయలేకపోతే భాగం ఇంకా అర్థం కాలేదన్నమాట. మళ్లీ చదవండి, ఉదాహరణలు వెతక్కండి. వ్యాఖ్యానం గురువారమే, అదీ ఒక్కటి, మీకు తేలని ప్రశ్న కోసమే. ఇక్కడైతే తొమ్మిదో వచనంలోని 'ఏది సులభం' అన్నది.

శుక్రవారం గంటన్నరలో ఒక్క పేజీ రాయండి. మొదటి రెండు నిమిషాలూ చివరి రెండు నిమిషాలూ పూర్తి వాక్యాల్లో, మధ్యది ముక్కల్లో. అన్వయం 'మనమందరం' అని కాకుండా, రోగం తగ్గాలని మాత్రమే ప్రార్థన కోరే మనిషికి ఈ భాగం ఏం చెబుతుందో రాయండి.

శనివారం నిలబడి ఒకసారి గట్టిగా చెప్పి టైము చూడండి. మూడు పాటలు, సాక్ష్యాలు, ప్రకటనలు అయ్యాక మీకు మిగిలేది ఇరవై నిమిషాలే కావచ్చు. ఏ వచనం వివరణ వదిలేయాలో పేజీ మీద పెన్సిల్‌తో ముందే గీత పెట్టుకోండి. ఐదు, పది వచనాలు మాత్రం వదలొద్దు.