అతిథి పేరు పాస్‌పోర్టులో ఏ వరుస నుంచి రాయాలి?

ప్రశ్న: టూర్ గ్రూపు కోసం హోటల్‌కు రూమింగ్ లిస్టు పంపేటప్పుడు పేర్లను పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలా? ఒకటి రెండు అక్షరాల తేడా ఉంటే హోటల్ వాళ్లు సర్దుకోరా?

మిట్టమధ్యాహ్నం ఒక్కరే వస్తే సర్దుకుంటారు. అర్ధరాత్రి పన్నెండు మంది ఒకేసారి బస్సు దిగితే మాత్రం సర్దుకోరు. పైగా “పాస్‌పోర్టులో ఉన్నట్టు” అంటే సరిపోదు. పాస్‌పోర్టులో పేరు రెండుచోట్ల ఉంటుంది, ఆ రెండూ ఒకటే కావాలని లేదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

ఆ గ్రూపులో 31 మంది. 15 ట్విన్ గదులు, 1 సింగిల్, మొత్తం 16. పాస్‌పోర్టు కాపీలు ముందు పెట్టుకుని రూమింగ్ లిస్టు నేనే టైపు చేశాను. ఫొటో పక్కన MÜLLER అని ఉంటే, U మీది చుక్కలు నా కీబోర్డులో లేవు కదా అని MULLER అని కొట్టి ముందుకు సాగిపోయాను. ఎవరు ఏ విమానంలో ఎన్నింటికి దిగుతారో చెప్పే అరైవల్ మానిఫెస్ట్‌ను మా టికెట్ల విభాగం వాళ్లు విమాన టికెట్ల నుంచి తయారు చేశారు. అందులో MUELLER అని ఉంది. రెండు జాబితాలూ మా ఆఫీసు నుంచే వెళ్లాయి. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

రెండో విమానం వాళ్లు హోటల్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. టూర్ లీడర్ పాస్‌పోర్టులన్నీ కట్టగా కౌంటర్ మీద పెట్టాడు. గుమాస్తా ఒక్కొక్కటే స్కానర్‌లో పెట్టాడు. స్కానర్ చదివేది ఫొటో పక్కన ఉన్న పేరును కాదు, పేజీ అడుగున ఉండే ఈ వరుసను:

```
P<D<<MUELLER<<HANS<<<<<<<<<
```

అతను MUE అని వెతికితే ఏ బుకింగూ రాలేదు. MU దగ్గర ఆగి ఉంటే కనిపించేదే, కానీ ఆ వేళ అంత ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ MUELLER దంపతులకు కొత్తగా, బుకింగ్ లేకుండా వచ్చిన వాక్-ఇన్ కింద వేరే గది రాసి ఇచ్చాడు. MULLER పేరు రాసి ఉన్న తాళం కవరు తెల్లవారేదాకా కౌంటర్ మీదే పడి ఉంది. రాత్రి లెక్కలు ముగించినప్పుడు కంప్యూటర్ దాన్ని నో-షోగా గుర్తించింది. చివరికి బిల్లులో 17 గదులు! రాని మనిషికి ఒక రాత్రి, వచ్చిన అదే మనిషికి గ్రూపు ధర కాకుండా పూర్తి ధర. గుమాస్తాను తప్పు పట్టలేను. అతనికి అవి రెండు వేర్వేరు పేర్లే.

అప్పటి నుంచి నేను పేరును అడుగు వరుస నుంచే ఎక్కిస్తున్నాను. మొదటి ఐదు స్థానాలు వదిలేస్తే మొదట ఇంటిపేరు, రెండు << గుర్తుల తర్వాత సొంత పేర్లు. ఒంటరి < అంటే ఖాళీ. O'CONNOR అక్కడ OCONNOR అవుతుంది. పేరులోని హైఫన్ ఉన్నచోట < వస్తుంది, దాన్ని ఖాళీగా రాస్తే చాలు. ఆ వరుసలో పేరుకు ఉన్నవి 39 స్థానాలే కాబట్టి చాలా పొడవైన పేర్లు మధ్యలో తెగిపోతాయి. అప్పుడు మాత్రం పూర్తి పేరు కోసం పైకి చూడండి, కానీ ఇంటిపేరును అడుగున ఉన్నట్టే ఉంచండి, ఎందుకంటే కౌంటర్‌లో ముందుగా వెతికేది దానితోనే.

టికెట్ నుంచి పేర్లు దించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. టికెట్‌లో MUELLER/HANSMR అని గౌరవపదం పేరుకే అతుక్కుని ఉంటుంది. దాన్ని దించినవాళ్లు అతిథికి HANSMR అని నామకరణం చేసేస్తారు. ఇంటిపేరు, సొంత పేరు అని విడిగా లేక ఒక్క పేరే ఉన్నవాళ్ల టికెట్లలో కొన్ని విమాన సంస్థలు ఖాళీ నింపడానికి FNU అని చేరుస్తాయి. అది పేరు కాదు, “పేరు తెలియదు” అని అర్థం. దాన్ని హోటల్‌కు పంపితే FNU గారి కోసం గది సిద్ధమవుతుంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. TWN అంటే రెండు మంచాలు, DBL అంటే ఇద్దరికీ ఒకే పెద్ద మంచం. “ఇద్దరు కదా” అని అందరికీ DBL రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పరిచయం లేని ఇద్దరు ప్రయాణికులు రాత్రి ఒంటిగంటకు ఒకే మంచాన్ని చూసి నిలబడితే వాళ్ల ముఖాలు చూడాల్సింది టూర్ లీడరే.

మానిఫెస్ట్‌ను ఇప్పుడు విడిగా టైపు చేయనివ్వను. రూమింగ్ లిస్టునే కాపీ చేసి, విమానం నంబరు, దిగే సమయం అనే రెండు గడులు చేర్చి, వచ్చే వేళల వారీగా పేర్చుతాం. రెండింటిలోనూ ప్రతి అతిథికీ అదే వరుస సంఖ్య ఉంటుంది. పేరు తేడా వచ్చినా 23వ నంబరు 23వ నంబరే. తర్వాత ఏదైనా మారితే మొత్తం జాబితాను మళ్లీ పంపి హోటల్ వాళ్లనే తేడాలు వెతుక్కోమనను. మారిన వరుసకు రంగు వేసి, పైన సవరణ సంఖ్య రాసి పంపుతాను. ఆ రంగు వేసే పని మాత్రం టికెట్ల విభాగానికి ఇప్పటికీ ఒప్పజెప్పలేదు.