కత్తిరించే ముందు మౌంట్ పెట్టి చూడు, బుజ్జీ

రాజమండ్రి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగింది రాత్రంతా ఆలోచించాను. సత్యనారాయణ వ్రతం రోజు తీసిన ఫోటోలో మీ అమ్మ, నానమ్మ, నువ్వు ముగ్గురే ఉండాలి, నాలుగో మనిషి ఉండకూడదు అన్నావు. ఎందుకని నేను అడగను. నానమ్మతో నువ్వు దిగిన చివరి ఫోటో అదే. అది గోడ మీద ఉండాలి, చూసినప్పుడల్లా నీ మనసు కలుక్కుమనకూడదు. అది చాలు నాకు. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపి, పక్కనే ఫ్రేములు కట్టిన వాణ్ణి కాబట్టి ఆ పని ఎలా చేయాలో వివరంగా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే కొలతలు గుర్తుండవు.

ముందుగా ఒక మాట. నీ దగ్గర ఉన్న పాత ప్రింటు మీద బ్లేడు పెట్టొద్దు. సాఫ్ట్ కాపీ ఉంది కాబట్టి అదే 8×12 సైజులో ఇంకో రెండు ప్రింట్లు తీయించు. ఒకటి పని కోసం, ఒకటి పాడైతే వాడుకోవడానికి. పాతది కవరులో పెట్టి బీరువాలో దాచు. ఒకసారి కోసిన ఫోటో మళ్లీ అతకదు.

ఇప్పుడు అసలు విషయం. అందరూ అనుకునేదేమిటంటే, మనిషిని తీసేసేది కట్టర్ అని. కాదమ్మా. మనిషిని తీసేసేది మౌంట్. ఫ్రేము లోపల ఫోటో చుట్టూ తెల్ల అట్ట వస్తుంది చూడు, దాని మధ్యలో ఉన్న కిటికీ ఎంత చూపిస్తే అంతే ఫోటో. కట్టర్ పని ఆ అట్ట వెనక ప్రింటు పట్టేలా చేయడమే. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చెబుతాను.

నువ్వు పంపిన ఫోటోను నేనూ ఇక్కడ 8×12 సైజులో ప్రింటు తీయించి, స్కేలు పెట్టి కొలిచాను. ఎడమ అంచు నుంచి లెక్కపెడితే, నీ భుజం 7¾ అంగుళాల దగ్గర అయిపోతోంది. అతని మోచెయ్యి 8 దాటాక, ఇంకో అరపావు అంగుళం అవతల మొదలవుతోంది. మధ్యలో కనిపించేది వెనకున్న పసుపు తెర. సన్నటి సందే, కానీ మనకది చాలు.

ఆ సందులో కోసేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే పొరపాటు. నువ్వు కొన్న 8×10 ఫ్రేము మౌంట్ కిటికీ 7½ అంగుళాల వెడల్పు, 5½ అంగుళాల ఎత్తు అన్నావు. పెట్టె మీద మాత్రం 6×8 ఫోటోకి అని ఉంటుంది. ఆ తేడా ఊరికే రాలేదు. ప్రింటు నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున అట్ట కిందికి వెళ్లాలి, లేకపోతే జారి కిటికీలోంచి అంచు బయటపడుతుంది. నువ్వు 8 దగ్గర కోశావనుకో. ఆ వైపు అట్ట కిందికి పోవడానికి నీ భుజం పక్కనున్న ఆ కాస్త పసుపు తెరే మిగులుతుంది. పావు అంగుళం అట్ట దాన్ని మొత్తం మింగేస్తుంది. అప్పుడు నీ భుజం అట్ట అంచుకి అతుక్కుపోయి, గోడకి నొక్కినట్టు కనిపిస్తుంది. అతన్ని తీసేయబోయి నీకు ఊపిరాడకుండా చేసినట్టవుతుంది.

కాబట్టి కోత 8¼ దగ్గర పడాలి. అంటే అతని చొక్కా చేతి ముక్క సన్నగా ప్రింటు మీదే ఉండిపోతుంది. ఉండనీ. అది అట్ట కింద ఉంటుంది, ఎవరికీ కనబడదు. నీకు కష్టంగా అనిపించినా ఈ ఒక్క విషయంలో నా మాట విను. ఆ సన్న పట్టీయే నీ భుజం పక్కన కాస్త గాలి నిలబెడుతుంది.

కుడి వైపు తేలిందంటే ఎడమ వైపు దానంతటదే తేలుతుంది. కిటికీ కుడి అంచు 8 దగ్గర ఉంటే, 7½ వెనక్కి వస్తే ఎడమ అంచు అర అంగుళం దగ్గర పడుతుంది. అక్కడి నుంచి పావు బయటికి, అంటే ఎడమ అంచులో పావు అంగుళం మాత్రమే పోతుంది. మీ అమ్మ 1 అంగుళం దగ్గర మొదలవుతోంది కాబట్టి ఆమెకి ఏ ఇబ్బందీ లేదు.

పైనా కిందా మాత్రం నేను చాలాసేపు చూశాను. కారణం కొంగుముడి. నీ కొంగుకీ అతని ఉత్తరీయానికీ వేసిన ముడి మీ ఇద్దరి మధ్యా వేలాడుతోంది, గమనించావో లేదో. నువ్వు అతన్ని ఎంత జాగ్రత్తగా తీసేసినా, ఆ ముడి కొస కిటికీలో కనబడితే చూసిన ప్రతివాళ్లూ అటు వైపు ఎవరున్నారని అడుగుతారు. ముడి పై అంచు నుంచి 6¾ అంగుళాల కింద ఉంది. దాని పైన ఉత్తరీయం నీ వైపుకి సాగే చోటు 6½ దగ్గర. అదృష్టం ఏమిటంటే, నానమ్మ నీ చేతిని రెండు చేతులతో పట్టుకుంది చూడు, ఆ చేతులు 5½ దగ్గరున్నాయి, నీ గాజులు 5¾ దగ్గర ముగుస్తున్నాయి. అంటే చేతులకీ ముడికీ మధ్య చోటుంది. కిటికీ కింది అంచు 6¼ దగ్గర పెడితే చేతులు పూర్తిగా కనిపిస్తాయి, ముడి కనబడదు. అలా పెడితే పై అంచు ¾ దగ్గరికి వస్తుంది, తలల పైన అర అంగుళం చోటు దొరుకుతుంది. కోతలు పైన ½ దగ్గర, కింద 6½ దగ్గర. మిగిలేది 8×6.

ఇలా చేతుల కింద కాస్త చోటు వదలడం ముఖ్యం. మణికట్టు దగ్గరో వేళ్ల దగ్గరో కిటికీ అంచు పడితే చెయ్యి తెగినట్టు కనిపిస్తుంది. ఆ ఫోటోకి ప్రాణం నానమ్మ చేతులే. వాటిని కాపాడుకోవాలి.

ఇంకొకటి కూడా చూసుకో. అతని చెయ్యి నీ వెనక నుంచి వచ్చి ఇటు భుజం మీద ఉందా అని. నీ ఫోటోలో లేదు, భూతద్దం పెట్టి చూశాను. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒకావిడ ఇలాగే అక్క పక్కన ఉన్న మనిషిని తీసేయమంది. చకచకా కోసేసి, ఫ్రేము కట్టి ఇచ్చాను. ఇంటికెళ్లి చూసుకుంటే అక్క భుజం మీద నాలుగు వేళ్లు మిగిలి ఉన్నాయి, మనిషి లేడు. ఆవిడ దగ్గర ఉన్న ప్రింటు అదొక్కటే. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అలాంటి ఫోటో కట్టర్‌తో బాగుపడదు, కంప్యూటర్‌లో సరిచేసే స్టూడియోకే ఇవ్వాలి.

ఇక కోత. నీ దగ్గరున్నది పట్టీ మీద చిన్న చక్రం జరిగే కట్టర్ కదా, మంచిదే. ముందు అది తిన్నగా కోస్తుందో లేదో చూడు. ఒక తెల్ల కాగితం తీసుకుని, దాని అంచును కట్టర్ పైన ఉన్న గట్టుకి ఆనించి కొయ్యి. ఇప్పుడు కాగితాన్ని తిరగేసి, అదే అంచును మళ్లీ గట్టుకి ఆనించి, కోసిన అంచును బ్లేడు గీత దగ్గరికి జరుపు. రెండూ పై నుంచి కింది దాకా కలిస్తే సరే. ఒక చివర సందు కనిపిస్తే కట్టర్ వంకరగా కోస్తోందన్నమాట. ఆ వంకర మౌంట్ కింద కొంత దాగుతుంది, కానీ సందు మరీ ఎక్కువుంటే దానితో ఈ పని చెయ్యకు.

మొదటి కోత అతని వైపు చివర, 11 అంగుళాల దగ్గర వెయ్యి. ఎలాగూ పోయే భాగమే, అది పరీక్ష. బొమ్మ వైపు పైకి ఉండాలి. ఆ అంచును వెలుతురులో చూడు. నున్నగా ఉంటే బ్లేడు పదునుగా ఉంది. తెల్లటి పీచు లేచినా, రంగు పొర చిన్న చిన్న పెచ్చులుగా ఊడినా బ్లేడు మొద్దుబారింది, మార్చాక కొయ్యి.

తర్వాత 8¼ కోత, ఆ తర్వాత ఎడమ పావు అంగుళం. వెడల్పు 8కి వచ్చాక పైనా కిందా కొయ్యి, అప్పుడు ప్రింటు చిన్నదై బల్ల మీద కదలకుండా ఉంటుంది. పైన అర అంగుళం తీసేశాక కింది కోతకి 6½ అని పాత కొలత పెట్టకు, కొత్త పై అంచు నుంచి 6 అంగుళాలు పెట్టాలి. ఎడమ కోతకీ అంతే, అప్పుడు కుడి అంచు నుంచి 8 కొలువు. ప్రతి కోతకీ మనకి ఉంచుకునే భాగం పట్టీ కింద గట్టిగా నొక్కి ఉండాలి, పోయే భాగం బయట ఉండాలి. చక్రాన్ని ఒకే ఊపులో, ఆపకుండా నడిపించు. వెనక్కీ ముందుకీ తిప్పితే అంచు రెండు గీతలుగా చీలుతుంది. అంగుళాల వైపే వాడు, మధ్యలో సెంటీమీటర్లకి మారకు.

గుర్తులు వెనక వైపు పెట్టకు. నాతో పనిచేసిన కుర్రాడొకడు వెనక గీత గీసుకుని, అలాగే బోర్లా పెట్టి కోశాడు. వెనక నుంచి కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, ఉండాల్సిన మనిషి పోయింది. గుర్తు పెట్టాలంటే బొమ్మ వైపే, పోయే భాగంలో చిన్న సూది పొడుపు చాలు.

ఇదంతా చేసే ముందు మౌంట్‌ను కొయ్యని ప్రింటు మీద పెట్టి, నేను చెప్పిన చోట నిలిపి, కాసేపు దూరం నుంచి చూడు. కిటికీ కొలత నువ్వే స్కేలుతో మళ్లీ కొలువు, పెట్టె మీద అంకెల్ని నమ్మకు. ఒక పావు తేడా వచ్చినా నా లెక్క మారిపోతుంది.

అమర్చేటప్పుడు ప్రింటును మౌంట్ వెనక పై అంచున మాత్రమే రెండు చోట్ల ఆసిడ్ లేని కాగితపు టేపుతో అతికించు. నాలుగు వైపులా అతికిస్తే వానాకాలం కాగితం ఉబ్బి అలలు లేస్తుంది. మామూలు సెల్లోటేపు వద్దు, పసుపెక్కి జిగురు పాకుతుంది. మౌంట్ ఉంది కాబట్టి అద్దం బొమ్మకి తగలదు, మన గోదావరి గాలికి అద్దానికి అతుక్కుపోయిన ఫోటోలు ఎన్ని చూశానో.

ప్రింట్లు వచ్చాక ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి. 8¼ కోత నేను చూస్తుండగా వెయ్యి. మీ పెద్దమ్మ కూడా పక్కనే ఉంటానంది.

ప్రేమతో,
పెదనాన్న