ఐదు ఉద్యోగాలు మారిన మేనల్లుడికి రెజ్యూమే గురించి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెజ్యూమే శ్రద్ధగా చదివాను. 2018 నుంచి ఇప్పటికి ఐదు రొయ్యల ప్లాంట్లు మారావన్నది అందులో అసలు లోపం కాదు. ఐదింటి కిందా "నాణ్యత పరీక్షలు చేయడం, రికార్డులు నిర్వహించడం" అని ఒకే వాక్యం ఉంది. అది చదివిన మేనేజరుకు నువ్వు ఐదు చోట్ల ఒకే పని చేశావనీ, ఎవరో కాస్త ఎక్కువ జీతం ఇస్తామనగానే వెళ్లిపోయావనీ అనిపిస్తుంది. పర్సనెల్ విభాగంలో కూర్చుని ఇలాంటి కాగితాలు చూసిన అనుభవంతో చెబుతున్నాను, ఆ అనుమానం ఒకసారి కలిగితే తరువాతి పేజీ ఎవరూ తిప్పరు.

కాబట్టి ప్రతి ఉద్యోగం కింద మొదటి వాక్యంలో, అంతకుముందు నీ చేతిలో లేని ఏ బాధ్యతను ఆ ప్లాంటు నీకు అప్పగించిందో రాయి. నువ్వు ఫోనులో చెప్పిన వివరాలతోనే చూద్దాం. మొదటి చోట గ్రేడింగ్ బల్ల దగ్గర కౌంటు సరిచూశావు, గడ్డకట్టిన సరుకు లోపలి ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలకు చేరిందో లేదో చూశావు. రెండో చోట ల్యాబులోకి తీసుకున్నారు. చెరువు నుంచి సరుకు కొనక ముందే శాంపిల్ తెప్పించి, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్ అవశేషాల కోసం ఎలీసా కిట్‌తో పరీక్షించావు. నాలుగో చోట ఆహార భద్రతకు సంబంధించిన హ్యాసప్ రికార్డులు నీకు అప్పగించారు, తనిఖీకి వచ్చిన అధికారుల ప్రశ్నలకు నువ్వే సమాధానం చెప్పావు. ఇప్పుడు ఒక షిఫ్టు మొత్తం నాణ్యత నీది, నీ కింద ఆరుగురు చెకర్లు ఉన్నారు. ఇంత స్పష్టంగా మెట్లు ఉన్నప్పుడు వాటిని ఒకే వాక్యం కింద కప్పెట్టడం నాకు బాధగా ఉంది. రెజ్యూమే పైన కూడా "కష్టపడే స్వభావం" వంటి మాటలు తీసేసి, గ్రేడింగ్ బల్ల నుంచి ల్యాబుకు, అక్కడి నుంచి హ్యాసప్‌కు, ఇప్పుడు షిఫ్టు బాధ్యతకు వచ్చిన క్రమాన్ని రెండు వరుసల్లో పెట్టు.

మన వైపు ప్లాంటు మేనేజరుకు ఇంకొక భయం ఉంటుంది. చెరువుల పట్టుబడి ముమ్మరంగా సాగే రోజుల్లో నాణ్యత మనిషి చెప్పకుండా మానేస్తే, నేర్పడానికి మరొకరు దొరకరు. నువ్వు రెండో ప్లాంటును సరుకు తగ్గాక, నోటీసు పూర్తి చేసి, నీ స్థానంలో వచ్చిన అమ్మాయికి పని అప్పగించి వదిలానన్నావు. ఆ ముక్క రెజ్యూమేలో ఎక్కడా లేదు. ఆ ఉద్యోగం చివర ఒక చిన్న వాక్యంగా తప్పక చేర్చు.

ఇక 2021లో ఐదు నెలలే చేసిన మూడో ఉద్యోగం. దాన్ని తీసేసి రెండో ఉద్యోగం తేదీలు సాగదీయమని నీ స్నేహితుడు ఇచ్చిన సలహా దయచేసి వినకు. పీఎఫ్ పోర్టల్‌లో నీ యూఏఎన్ కింద సర్వీస్ హిస్టరీలో ప్రతి సంస్థ పేరూ, చేరిన తేదీ, మానిన తేదీ ఉంటాయి. వెరిఫికేషన్ చేసేవారు వాటినే సరిపోల్చుకుంటారు. ఐదు నెలల ఉద్యోగాన్ని మేనేజరు క్షమించవచ్చు గాని, సాగదీసిన తేదీని క్షమించడు. నెలలు వదిలేసి సంవత్సరాలు మాత్రమే వేయడం కూడా ఏదో దాచినట్టే కనిపిస్తుంది. రెజ్యూమే పంపే ముందు నువ్వే ఆ సర్వీస్ హిస్టరీ తెరిచి తేదీలు సరిచూసుకో. ఆ మూడో ఉద్యోగంలో నీ పీఎఫ్ కట్టింది ప్లాంటు కాదు, మనుషులను సరఫరా చేసిన కాంట్రాక్టరు గనుక, "ఫలానా కాంట్రాక్టరు ద్వారా ఫలానా ప్లాంటులో, కాంట్రాక్టు ముగిసే వరకు" అని రెండు పేర్లూ రాయి. కారణం ఆ ఒక్క ముక్కలోనే తెలిసిపోతుంది, వివరణ పేరా అక్కర్లేదు.

నాలుగో ఉద్యోగం నుంచి ఐదోదానికి మారడంలో జీతమూ ఒక కారణమే కదా. ఇంటర్వ్యూలో అడిగితే దాచకు. "షిఫ్టు బాధ్యత అక్కడ ఖాళీ లేదు, ఇక్కడ ఇచ్చారు, జీతమూ పెరిగింది" అని చెప్పి ఆగిపో. పాత మేనేజరుతో వచ్చిన మాట పట్టింపు అక్కడ ఎత్తవద్దు, రెజ్యూమేలో అసలే వద్దు. ఆ తరువాత వారు తప్పకుండా "మా దగ్గర ఎంతకాలం ఉంటావు?" అంటారు. ఇన్నేళ్లు ఉంటానని మాట ఇస్తే నమ్మరు. వారి ప్లాంటులో నువ్వు ఇంకా నేర్చుకోని పని ఏదో ముందే తెలుసుకుని వెళ్లు. బయటి దేశాల కొనుగోలుదారుల ఆడిట్లకు సొంతంగా సిద్ధం చేయడం నీకు ఇంకా రాలేదన్నావు, అదే చెప్పు. అది నేర్చుకుని ఒక ఆడిట్ నడిపించడానికి ఎంతకాలం పడుతుందో వారికి తెలుసు.

సరిచేసిన ప్రతి నాకు పంపు, తేదీలు నేనూ ఒకసారి చూస్తాను.

మామయ్య